ట్యాగ్ ధర నుంచి కొన్న ధరకు: బట్టల షాపులో స్టాక్ విలువ తేల్చే రిటైల్ పద్ధతి

కుర్తీ ఒకే డిజైన్ అయినా ఐదు సైజుల్లో, నాలుగు రంగుల్లో వస్తే లెక్కకు అది ఇరవై రకాలు. అలాంటి డిజైన్లు మూడు వందలు ఉన్నాయంటే ఒక్క లేడీస్ రెడీమేడ్ ర్యాకుల్లోనే ఆరు వేల రకాలు తేలతాయి. చీరలు, పిల్లల బట్టలు, షర్టులు, తువ్వాళ్లు, లోదుస్తులు ఇంకా వేరే. వీటిలో ప్రతిదీ ఏ బిల్లులో వచ్చింది, ఎంతకు కొన్నది అని వెతికి స్టాక్ విలువ కట్టడం ఏడాదికి ఒకసారి చేయాలన్నా కష్టమే. కానీ సరుకు హామీ మీద సీసీ లిమిట్, అంటే అవసరాన్ని బట్టి వాడుకునే అప్పు, ఇచ్చిన బ్యాంకు సాధారణంగా ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ అడుగుతుంది. నెలాఖరున షట్టర్ దించి లెక్కపెట్టుకుంటూ కూర్చునే షాపు ఎక్కడా ఉండదు.

బార్‌కోడ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ బాధ లేదని అనిపిస్తుంది. ప్రతి పీసుకూ కొన్న ధర సరిగ్గా ఎక్కిస్తే నిజంగానే లేదు. చిక్కు ఎక్కించే దగ్గరే వస్తుంది. సూరత్ నుంచో జైపూర్ నుంచో రెండు వందల పీసుల లాట్ మొత్తం ఒకే రేటుకు వస్తుంది. షాపులో విప్పాక పని బాగున్నవి ఒక పక్కకు, మామూలువి ఒక పక్కకు తీసి, కొన్నింటికి 1,200, కొన్నింటికి 900, మిగతావాటికి 700 అని ట్యాగులు కొడతారు. ఇప్పుడు 1,200 ట్యాగ్ ఉన్న కుర్తీ కొన్న ధర ఎంత? లాట్ సగటు రేటా, అంతకంటే ఎక్కువా? దీనికి ఖచ్చితమైన జవాబు బిల్లులో లేదు. ఖచ్చితంగా తెలిసినవి రెండే: లాట్ మొత్తానికి కట్టిన డబ్బు, లాట్ మొత్తం మీద కొట్టిన ట్యాగుల విలువ. రిటైల్ పద్ధతి ఈ రెండు మొత్తాల మీదే నడుస్తుంది.

విడివిడి పీసుల ధరల జోలికి పోకుండా, అమ్మకానికి సిద్ధంగా ఉన్న సరుకంతా ఒకసారి కొన్న ధరలో, ఒకసారి ట్యాగ్ ధరలో కూడతారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. ట్యాగ్ ధరల మొత్తంలోంచి అమ్మినది తీసేస్తే షాపులో మిగిలిన సరుకు ట్యాగ్ విలువ తేలుతుంది. దాన్ని ఆ నిష్పత్తితో గుణిస్తే కొన్న ధరలో ముగింపు సరుకు వస్తుంది. భారతీయ అకౌంటింగ్ ప్రమాణాలు ఏఎస్ 2, ఇండ్ ఏఎస్ 2 రెండూ దీన్ని ఒప్పుకుంటాయి. అయితే వేగంగా మారిపోయే రకాలు పెద్ద సంఖ్యలో ఉండాలి, వాటి మీద లాభాల శాతం దగ్గరదగ్గరగా ఉండాలి, వచ్చిన ఫలితం అసలు ఖర్చుకు దగ్గరగా ఉండాలి అన్న షరతులున్నాయి. ఆ షరతులు ఎందుకు పెట్టారో లెక్క చేసి చూస్తే తెలుస్తుంది.

లెక్క కోసం ఒక షాపును ఊహించుకుందాం. అందులో లేడీస్ రెడీమేడ్ విభాగం, ఏప్రిల్ 1 నుంచి జూలై నెలాఖరు దాకా నాలుగు నెలలు. ఆషాఢం జూలైలోనే ముగిసిన ఏడాది అనుకుందాం. ప్రస్తుతానికి అంకెలన్నీ జీఎస్టీ లేకుండా.

ప్రారంభపు సరుకు కొన్న ధరలో 12,00,000, ట్యాగ్ ధరలో 20,00,000. నాలుగు నెలల కొనుగోలు బిల్లులు 18,20,000 కాగా ఆ సరుకు మీద కొట్టిన ట్యాగులు 30,40,000. లారీ కిరాయి, హమాలీ కలిపి 40,000 అయింది. ఇది కొన్న ధర వైపే చేరుతుంది, ట్యాగ్ వైపు చేరదు. కుట్టు ఊడినవి, రంగు దిగినవి సప్లయర్‌కు వెనక్కి పంపారు. వాటి కొన్న ధర 60,000, ట్యాగ్ ధర 1,00,000. రెండు వైపులా తీసేయాలి. ఒక డిజైన్ బాగా ఆడుతోందని మిగిలిన పీసుల ట్యాగులు మార్చి ధర పెంచారు. ఆ పెంపు మొత్తం 60,000. ఇది ట్యాగ్ వైపు మాత్రమే చేరుతుంది.

| వివరం | కొన్న ధర | ట్యాగ్ ధర |
|---|---|---|
| ప్రారంభపు సరుకు | 12,00,000 | 20,00,000 |
| కొనుగోళ్లు | 18,20,000 | 30,40,000 |
| కిరాయి, హమాలీ | 40,000 | – |
| సప్లయర్‌కు వాపసు | (60,000) | (1,00,000) |
| ధర పెంపు | – | 60,000 |
| అమ్మకానికి ఉన్న సరుకు | 30,00,000 | 50,00,000 |

30 లక్షలను 50 లక్షలతో భాగిస్తే నిష్పత్తి 60 శాతం. అంటే ఈ విభాగంలో ట్యాగ్ మీద ఉన్న ప్రతి రూపాయిలో సగటున 60 పైసలు కొన్న ధర.

ఈ నాలుగు నెలల్లో కస్టమర్లు వెనక్కి తెచ్చినవి పోగా అమ్మకాలు 31,50,000. దొంగతనాలు, లెక్క తప్పినవి కలిపి మామూలుగా పోయే తరుగు, గత మార్చి లెక్కను బట్టి, 50,000 అనుకున్నారు. ఈ రెండూ 50 లక్షల్లోంచి తీసేస్తే 18 లక్షలు మిగులుతాయి. దానికి 60 శాతం 10,80,000. చాలా షాపుల్లో స్టాక్ స్టేట్‌మెంట్ ఇక్కడితో తయారైపోతుంది. అది తప్పు. ఆషాఢం సేల్ ఇందులో ఎక్కడా లేదు.

ఆషాఢంలో 1,000 రూపాయల ట్యాగ్ ఉన్న 1,200 కుర్తీలను 750కి పెట్టారు. పీసుకు 250 చొప్పున తగ్గింపు 3,00,000. నెల ముగిసేసరికి 1,000 పీసులు అమ్ముడుపోయాయి. మిగిలిన 200 పీసులకు శ్రావణంలో మళ్లీ పాత ధరే పెట్టారు. అంటే 50,000 మేర తగ్గింపు రద్దయింది. నికర తగ్గింపు 2,50,000. దీన్ని పుస్తకంలో రాయకపోతే ఏమవుతుంది? ఆ 1,000 కుర్తీలు షాపులోంచి వెళ్లినప్పుడు ట్యాగ్ విలువలో 10 లక్షల సరుకు వెళ్లింది. అమ్మకాల ఖాతాలో మాత్రం 7,50,000 కనిపిస్తుంది. మిగతా 2,50,000 విలువైన సరుకు ఇంకా ర్యాకుల్లోనే ఉందని పుస్తకం అనుకుంటూ ఉంటుంది. దానికి 60 శాతం అంటే 1,50,000 రూపాయల లేని స్టాక్.

తగ్గింపు రాస్తే మిగిలిన ట్యాగ్ విలువ 15,50,000, దానికి 60 శాతం 9,30,000. తేడా సరిగ్గా ఆ లక్షన్నరే. స్టాక్ మీద 25 శాతం మార్జిన్ పట్టే బ్యాంకైతే, తప్పు స్టేట్‌మెంట్ వల్ల డ్రాయింగ్ పవర్, అంటే ఆ స్టాక్ మీద వాడుకోగల అప్పు, 1,12,500 ఎక్కువ కనిపిస్తుంది. ఆ డబ్బు వాడుకున్నాక బ్యాంకు తరఫున స్టాక్ ఆడిట్‌కు మనిషి వచ్చాడంటే ఇక టెన్షనే.

ఈ తప్పును పట్టడానికి షాపంతా లెక్కపెట్టక్కర్లేదు. స్థూల లాభం శాతం చూస్తే చాలు. తగ్గింపు రాయని లెక్కలో అమ్మిన సరుకు ఖర్చు 19,20,000, లాభం 12,30,000, అంటే అమ్మకాల మీద 39 శాతం. రాసిన లెక్కలో లాభం 10,80,000, అంటే 34 శాతం. సేల్ లేనప్పుడు ఈ విభాగంలో వచ్చే లాభమే 40 శాతం. వెయ్యి పీసులు పావు వంతు తగ్గించి అమ్మాక కూడా 39 శాతం వచ్చిందంటే, తగ్గింపు చీటీలు ఎక్కడో ఆగిపోయాయన్నమాట. అప్పుడు పట్టుకోకపోతే మార్చిలో సరుకు లెక్కపెట్టేటప్పుడు అది బయటపడుతుంది, అదీ దొంగతనం వేషంలో. రెండున్నర లక్షల ట్యాగ్ విలువ సరుకు తక్కువ వచ్చిందని యజమాని సేల్స్ కుర్రాళ్ల వైపు చూస్తాడు. ఆ కుర్తీలను ఎవరూ ఎత్తుకెళ్లలేదు, కస్టమర్లే డబ్బు కట్టి తీసుకెళ్లారు.

తగ్గింపు రెండు రకాలుగా జరుగుతుంది కాబట్టి రాసే తీరు కూడా రెండు రకాలు. ర్యాకులో ఉన్న పీసులన్నింటికీ కొత్త స్టిక్కర్ అంటిస్తే, సేల్ మొదలయ్యే పొద్దున ఎన్ని పీసులు, పీసుకు ఎంత అని అప్పుడే రాసుకోవాలి. సేల్ ముగిశాక మిగిలినవి లెక్కపెట్టి రద్దు రాయాలి. స్టిక్కర్ మార్చకుండా బిల్లు దగ్గర 25 శాతం కొట్టేస్తే ముందుగా రాయాల్సింది ఏమీ లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్కౌంట్ కాలమ్ మొత్తమే ఆ నెల తగ్గింపు. స్టాఫ్‌కు ఇచ్చే డిస్కౌంట్ కూడా ఇలాగే ట్యాగ్ వైపు నుంచి తీసేయాలి. ఎక్కువగా జారిపోయేది ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అన్న చోట. ఉచితంగా ఇచ్చిన మూడో పీసును స్కాన్ చేయకుండా కవర్లో వేసేస్తే దాని ట్యాగ్ విలువ పుస్తకంలో అలాగే ఉండిపోతుంది. స్కాన్ చేసి, నూరు శాతం డిస్కౌంట్ కొట్టి ఇవ్వాలి. బేరంలో కౌంటర్ మీద చివరి అంకెలు వదిలేసే అలవాటు ఉన్న షాపులో ఆ చిల్లర కూడా నాలుగు నెలల్లో తక్కువేమీ కాదు.

ఇంతవరకూ నిష్పత్తిని తగ్గింపుకు ముందున్న 50 లక్షల మీద కట్టాం. పాఠ్యపుస్తకాలు దీన్ని సంప్రదాయ రిటైల్ పద్ధతి అంటాయి. ధర పెంపును నిష్పత్తిలో కలుపుతుంది, తగ్గింపును కలపదు. సగటు ధర పద్ధతిలో తగ్గింపును కూడా ముందే తీసేస్తారు. అప్పుడు 30 లక్షలను 47,50,000తో భాగించాలి. నిష్పత్తి 63.16 శాతం, ముగింపు సరుకు సుమారు 9,79,000. ఒకే షాపు, ఒకే సరుకు, తేడా 49,000. సంప్రదాయ పద్ధతి జాగ్రత్తగా తక్కువ చూపిస్తుంది, కాబట్టి అదే మేలు అని కామర్స్ క్లాసులో చెప్పి ముందుకు వెళ్లిపోతారు. కానీ ధర తగ్గించిన పీసు చివరికి ఎక్కడికి చేరింది అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

మన షాపులో తగ్గింపు దక్కిన వెయ్యి కుర్తీలూ అమ్ముడుపోయాయి. మిగిలిన సరుకంతా పూర్తి ట్యాగుతోనే ఉంది. దాని కొన్న ధర నిజంగానే ట్యాగ్‌లో 60 శాతం. కాబట్టి 9,30,000 తక్కువ చూపడం కాదు, సరైన అంకె. సగటు పద్ధతి, వెళ్లిపోయిన పీసుల తగ్గింపును ఉన్న పీసుల మీద రుద్ది 49,000 ఎక్కువ చూపించింది.

కథ తిరగేద్దాం. ధర తగ్గించిన వెయ్యి కుర్తీలూ అమ్ముడుపోక 750 స్టిక్కరుతోనే ర్యాకుల్లో ఉండిపోయాయనుకుందాం. అమ్మకాలు వేరే సరుకు మీద అంతే వచ్చాయి. మిగిలిన ట్యాగ్ విలువ ఇప్పుడూ 15,50,000. కానీ ఆ సరుకు మొదటి ట్యాగుల విలువ 18 లక్షలు, కొన్న ధర 10,80,000. సంప్రదాయ పద్ధతి మళ్లీ 9,30,000 అంటుంది. ఒక్క కుర్తీలో చూస్తే ఇదేమిటో ఇంకా బాగా కనిపిస్తుంది. 600 పెట్టి కొన్నదాన్ని ఇప్పుడు 750కి అమ్మాలనుకుంటున్నారు. 750కి 60 శాతం కట్టి, ఈ పద్ధతి దాని విలువ 450 అని రాస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది రాయాలి. 750కి అమ్మితే ఖర్చులు పోయినా 600 కంటే ఎక్కువే వస్తుంది. కాబట్టి దాన్ని 450కి దించాల్సిన పని లేదు. సగటు పద్ధతి కూడా ఇక్కడ సుమారు లక్ష తక్కువే చూపిస్తుంది. ధర తగ్గించిన సరుకును శాతం కట్టేటప్పుడు పరిగణనలోకి తీసుకోవాలని ప్రమాణం ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఇదే.

అసలు షాపు ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది. ఏ పద్ధతి గొప్పదని వాదించుకునే కంటే, నెలాఖరున ర్యాకులో ఇంకా తగ్గింపు స్టిక్కరుతో ఉన్న పీసులను విడిగా లెక్కపెట్టుకోవడం తేలిక. అవి మామూలుగా షాపు మొత్తం కాదు, ఒక మూల ర్యాకు మాత్రమే. వాటికి మొదటి ట్యాగ్ మీద 60 శాతం కట్టాలి. అమ్మితే ఖర్చులు పోను వచ్చేది అంతకంటే కిందికి పోతుంటే ఆ తక్కువ అంకె రాయాలి. మిగతా షాపుకంతా మామూలు నిష్పత్తి సరిపోతుంది. ఏ దారి ఎంచుకున్నా ఏటా అదే పాటించాలి. లాభం తగ్గిన ఏడాది ఒకటి, పెరిగిన ఏడాది ఇంకొకటి వాడితే ఆడిటర్ ఊరుకోడు.

‘దగ్గరదగ్గర లాభాల శాతం’ అన్న షరతు విభాగాలు కలిపేసినప్పుడు అడ్డం తిరుగుతుంది. అదే షాపులో పట్టుచీరల విభాగం కొన్న ధర 20 లక్షలు, ట్యాగ్ ధర 40 లక్షలు, నిష్పత్తి 50 శాతం అనుకుందాం. బ్రాండెడ్ లోదుస్తులు, స్కూల్ యూనిఫాంల విభాగంలో ధర కంపెనీ వేసినదో, స్కూలుతో మాట్లాడుకున్నదో కాబట్టి లాభం పలచన. కొన్న ధర 32 లక్షలు, ట్యాగ్ 40 లక్షలు, నిష్పత్తి 80 శాతం. రెండూ కలిపితే 65 శాతం వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది.

కానీ జూన్‌లో స్కూళ్లు తెరిచేసరికి యూనిఫాంలు ఊడ్చుకుపోతాయి. శ్రావణం పెళ్లిళ్ల కోసం తెచ్చిన పట్టుచీరలు జూలై నెలాఖరుకు అల్మారాల్లోనే ఉంటాయి. మిగిలినవి పట్టు ట్యాగ్ ధరలో 25 లక్షలు, యూనిఫాంలు, లోదుస్తులు 5 లక్షలు అయితే, విడివిడిగా కడితే 12,50,000కు 4,00,000 కలిపి 16,50,000. కలిపి 65 శాతంతో కడితే 30 లక్షల మీద 19,50,000. మూడు లక్షలు గాల్లోంచి వచ్చాయి. మిగిలిన సరుకు కూడా కొన్నప్పటి పాళ్లలోనే ఉంటే తప్పు వచ్చేది కాదు, కానీ బట్టల షాపులో సీజన్ ఆ పాళ్లను ఎప్పుడూ కుదురుగా ఉండనివ్వదు. అందుకే విభాగానికో నిష్పత్తి కట్టాలి. ఎన్ని విభాగాలు అంటే, నిష్పత్తులు బాగా దూరంగా ఉన్నవన్నీ వేరు. 58, 61 శాతాలు ఉన్న రెండు విభాగాలను వేరు చేసి పెద్దగా ఒరిగేదేమీ లేదు.

జీఎస్టీని ఇంతసేపూ పక్కన పెట్టాం, ఎందుకంటే అది ట్యాగ్‌లో దాక్కుంటుంది. కొన్నప్పుడు కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే షాపుకు కొన్న ధరలో పన్ను ఉండదు, ట్యాగ్ మీద మాత్రం పన్నుతో కలిపిన ధర ఉంటుంది. కాంపోజిషన్ స్కీంలో ఉన్న షాపుకు క్రెడిట్ రాదు కాబట్టి కొన్న ధరలో కూడా పన్ను కలిసే ఉంటుంది. పన్ను లేకుండా లెక్క నడిపినా, కలిపి నడిపినా నిష్పత్తి పనిచేస్తుంది. పనిచేయనిది ఒక్కటే: సరుకును ట్యాగ్‌తో, అంటే పన్నుతో కలిపి రాసుకుని, అమ్మకాలను జీఎస్టీ రిటర్న్‌లోంచి, అంటే పన్ను లేకుండా తీసుకోవడం. అప్పుడు అమ్మిన ప్రతి పీసు మీది పన్నూ సరుకై ర్యాకులో మిగిలిపోతుంది. బిల్లింగ్ ఒకరు, రిటర్నులు ఇంకొకరు చూసే షాపుల్లో ఈ పొరపాటు చాలా సులువుగా జరుగుతుంది.

పన్ను రేటు మారినప్పుడు ఇంకో చిక్కు. 2025 సెప్టెంబర్ 22కు ముందు వెయ్యి రూపాయలు దాటిన రెడీమేడ్ బట్టల మీద 12 శాతం పన్ను ఉండేది. ఆ రోజు నుంచి 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం అయింది. పన్ను లేకుండా 1,500 ధర ఉన్న పీసు ట్యాగ్ 1,680 ఉండాల్సింది 1,575కు దిగింది. షాపు తన లాభంలో రూపాయి కూడా వదులుకోలేదు, కానీ పన్నుతో కలిపి నడిచే పుస్తకంలో పీసుకు 105 తగ్గించి రాయకపోతే ర్యాకుకూ పుస్తకానికీ పొత్తు కుదరదు. పైగా రేటు ట్యాగ్‌ను బట్టి కాదు, డిస్కౌంట్ పోయాక నిజంగా అమ్మిన ధరను బట్టి పడుతుంది. 18 శాతం పన్నుతో 3,068 ట్యాగ్ ఉన్న పీసును సేల్‌లో పావు వంతు తగ్గించి 2,301కి ఇస్తే అది 5 శాతంలోకి వచ్చేస్తుంది. అందుకని ఖరీదైన రెడీమేడ్ ఎక్కువగా ఉండే విభాగానికి పన్ను లేని లెక్కే నడపడం మంచిది.

మార్చి నెలాఖరు రాత్రి సరుకు లెక్కపెట్టేటప్పుడు ఈ పద్ధతి ఇంకో విధంగా అక్కరకొస్తుంది. ఒక కుర్రాడు స్టూలెక్కి పై అరలోంచి కట్ట దించి ‘తొమ్మిది వందలు, పద్నాలుగు’ అంటాడు, కింద ఒకరు రాసుకుంటారు. కొన్న ధర ఎవరూ అడగరు, బిల్లుల ఫైలు తెరవరు. ట్యాగులు కూడితే చాలు, విభాగం నిష్పత్తితో గుణిస్తే విలువ తయారు. ఆ కూడికను, తరుగు అంచనా తీసేయకముందు పుస్తకంలో ఉన్న ట్యాగ్ విలువతో పోలిస్తే తేలే తేడాయే ఆ ఏడాది నిజమైన తరుగు. లేడీస్ విభాగంలో ఏడాదికి అనుకున్నదానికంటే కొద్దిగా ఎక్కువ తేలితే వచ్చే ఏడాది అంచనా అక్కడి నుంచి మొదలవుతుంది. రెండున్నర లక్షలు ఎక్కువ తేలితే మాత్రం ఎవరి జేబులూ తడమకముందే జూలై నెల డిస్కౌంట్ రిపోర్టు తీసి, తగ్గింపు చీటీలతో పక్కపక్కన పెట్టి చూడాలి.